కొరియన్ సంభాషణలో ఎవరికి ఏ మాట: ఎదుటివారి మర్యాద వేరు, ప్రస్తావనలో ఉన్నవారి మర్యాద వేరు

ప్రశ్న: నేను ఏడాదిన్నరగా కొరియన్ నేర్చుకుంటున్నాను. ఆఫీసులో జరిగే సంభాషణ ఒకటి రాయమంటే పైవాళ్ళందరితో మాట్లాడేటప్పుడు చివర "యొ" పెట్టాను, స్నేహితులతో చనువు మాట అయిన బన్మల్ రాశాను. మా టీచర్ సగం వాక్యాలు కొట్టేసి "ఎవరు ఎవరితో ఎవరి గురించి అంటున్నారో చూసుకో" అని మాత్రం రాశారు. ఏ వాక్యానికి ఏ స్థాయి వాడాలో ఎలా తేల్చుకోవాలి?

జవాబు:

మీ టీచర్ రాసిన ఆ ఒక్క వాక్యంలో "ఎవరితో" అన్నది ఒక ప్రశ్న, "ఎవరి గురించి" అన్నది మరొక ప్రశ్న. మీరు రెండింటికీ "యొ" అనే ఒకే జవాబు రాసి ఉంటారని నా అనుమానం. కొరియన్‌లో ఈ రెండు మర్యాదలూ వాక్యంలో వేర్వేరు చోట్ల కూర్చుంటాయి. మాట వింటున్న మనిషికి ఇచ్చే మర్యాద క్రియ చిట్టచివర, అంటే "-యొ", "-స్సుమ్నిదా" వంటి ముగింపులలో కనిపిస్తుంది. వాక్యంలో కర్తగా ఉన్న మనిషికి ఇచ్చే మర్యాద క్రియ మధ్యలో చేరే "-షి-" అనే చిన్న ముక్కలో కనిపిస్తుంది. ఒకటి పెట్టినంత మాత్రాన రెండోది వచ్చి చేరదు.

ఇది తెలుగువారికి కొత్త సంగతి కాదు. "నాన్నగారొచ్చార్రా" అని మీరు తమ్ముడితో అన్నప్పుడు "వచ్చారు" నాన్నగారికి, "రా" తమ్ముడికి. "తమ్ముడొచ్చాడండీ" అని మాస్టారితో అన్నప్పుడు "వచ్చాడు" తమ్ముడికి, "అండీ" మాస్టారికి. కొరియన్‌లో మొదటిది "అబొజి ఒషొస్సొ": లోపల "-షి-" ఉంది, చివర బన్మల్ ఉంది. రెండోది "దోంగ్‌సెంగి వస్సుమ్నిదా": లోపల "-షి-" లేదు, చివర అతిమర్యాద ఉంది. ఇంతవరకు మన భాషా వాళ్ళ భాషా ఒకే దారిలో నడుస్తాయి. చిక్కంతా ఎదురుగా ఉన్న మనిషే కర్త అయినప్పుడు వస్తుంది. "మీరు భోంచేశారా" అన్న వాక్యంలో "-రు" అన్న ఒక్క గుర్తే మనకు సరిపోతుంది, "అండీ" చేర్చకపోయినా కొంప మునగదు. ఆ అలవాటుతోనే మనవాళ్ళు డిపార్ట్‌మెంట్ హెడ్‌ను పట్టుకొని "బుజాంగ్‌నిమ్, జొమ్షిమ్ మొగొస్సొయొ?" అని అడుగుతారు. చివర "యొ" ఉంది కాబట్టి వినేవారి మర్యాద దక్కింది, కానీ తిన్న మనిషి మర్యాద పోయింది. అనవలసినది "జొమ్షిమ్ దుషొస్సొయొ?" అని. తినడం అనే క్రియ పెద్దల విషయంలో మాటే మారిపోతుంది, అందులోనే "-షి-" కలిసి ఉంటుంది. మీ కాగితం మీద కొట్టివేతలలో సగం ఈ జాతివే అయి ఉంటాయి.

దీనికి తిరగేసిన రూపం కూడా ఉంది. మనవరాలు అమ్మమ్మను "హల్మొని, ఒది గషొ?" అని అడుగుతుంది. లోపల "-షి-" ఉంది, చివర "యొ" లేదు. చేరిక ఉంది, గౌరవమూ ఉంది. నేర్చుకునేవారు ఈ వాక్యాన్ని చూసి అచ్చుతప్పు అనుకుంటారు గాని, కొరియన్ ఇళ్ళలో పొద్దున్నుంచి రాత్రి దాకా వినిపించే మాట ఇది. అంటే "-షి-" ఉండడం లేకపోవడం, చివర మర్యాద ఉండడం లేకపోవడం కలిసి నాలుగు కలయికలు అవుతాయి. నాలుగూ సజీవంగా వాడుకలో ఉన్నవే.

ఇక చివరి ముగింపుల సంగతి. వ్యాకరణ పుస్తకాలు ఆరు స్థాయిలు చెబుతాయి. ఈనాటి ఆఫీసు సంభాషణ రాయడానికి మీకు కావలసినవి మూడే: "-స్సుమ్నిదా"తో ముగిసే హప్షొచె, "-యొ"తో ముగిసే హెయొచె, ఆ "యొ" కూడా లేని బన్మల్. పత్రికలలో, డైరీలలో కనిపించే "-ందా" ముగింపు రాతది. పిల్లనిచ్చిన మామగారు అల్లుడితో, వృద్ధ ఆచార్యుడు నడివయసు శిష్యుడితో వాడే హగెచె ఒకటి ఉంది, దాన్ని యువకుడి నోట పెడితే మీసాలు అతికించినట్లుంటుంది. హఒచె చారిత్రక నాటకాలలోకి, తలుపుల మీద "తోయుము", "లాగుము" అనే అర్థంలో రాసే "మిషిఒ", "దంగిషిఒ" పలకల్లోకి వెళ్ళిపోయింది. ఈ మూడింటినీ పక్కన పెట్టండి.

నేను పెనుకొండ ప్రాంతంలో కొరియన్ వారి విడిభాగాల కర్మాగారమొకదానిలో కొన్నేళ్ళు దుబాసీగా పనిచేశాను. చేరిన కొత్తలో, కొరియా నుంచి తనిఖీకి వచ్చిన అరవై ఏళ్ళ అధికారిని భోజనానికి పిలవడానికి వెళ్ళి, పాఠ్యపుస్తకంలో హప్షొచె పట్టికలో "చేద్దాము" అన్న గడిలో ఉన్న రూపాన్ని నమ్ముకొని, "షిక్‌ద్దాంగురొ గప్షిదా" అన్నాను. ఆయన ఒక్క క్షణం నా ముఖం వంక చూసి, "ఒహో, గప్షిదా" అని పెద్దగా నవ్వి లేచారు. వెనకాల నిలబడిన కొరియన్ మేనేజరు మాత్రం నవ్వలేదు. సాయంత్రం ఆయనే నన్ను పిలిచి, ఆ "-ప్షిదా" పట్టికలో ఏ గడిలో ఉన్నా సరే, సమానులు సమానులతోనో, పైవారు కిందివారితోనో అనే మాట అనీ, పెద్దలను వెంట రమ్మనడానికి "గషిజ్యొ" అనాలనీ చెప్పారు. పట్టికలో ఒకే వరసలో అచ్చయినంత మాత్రాన చెప్పడం, అడగడం, ఆజ్ఞ, "చేద్దాము" అనే నాలుగు రూపాలూ ఒకే మర్యాదవి కావన్నది ఆ రోజు నాకు తెలిసింది. చెప్పడానికీ అడగడానికీ హప్షొచె ఎంత ఉన్నతమైనదో, "పదండి చేద్దాం" అనడానికి అంత ఉన్నతమైనది కాదు. అందుచేత మీ సంభాషణలో ఒక చిన్న ఉద్యోగి పైవారితో "-ప్షిదా" అని ఉంటే, మిగతా అంతా సరిగా ఉన్నా ఆ వాక్యం దగ్గర కొరియన్ పాఠకుడు ఆగిపోతాడు.

ఆజ్ఞార్థకాలకూ ఇదే వర్తిస్తుంది. "హ్వగిన్‌హసెయొ" అంటే "సరిచూడండి" అని అర్థం, అందులో "-షి-" ఉంది, "యొ" కూడా ఉంది. అయినా చిన్న ఉద్యోగి బుజాంగ్‌తో ఆ మాట అనడు, ఎందుకంటే మర్యాదగా ఇచ్చినా అది ఆజ్ఞే. "హ్వగిన్ బుతక్‌దురిమ్నిదా" అంటాడు, అంటే సరిచూడమని కోరుకుంటున్నానని. ఇక్కడ పని చేయవలసిన మనిషిని కర్తగా నిలబెట్టకుండా, కోరుకుంటున్న తననే కర్తగా చేసుకోవడం వల్ల ఆజ్ఞ మాయమవుతుంది. కాబట్టి చివర అక్షరం ఎంచుకోవడం మొదటి మెట్టు మాత్రమే. ఆ వాక్యంలో పైవారిని పని చేయమంటున్నామా, వారికి సమాచారం ఇస్తున్నామా అన్నది రెండో మెట్టు.

ఇప్పుడు ఒక ఉదాహరణను పూర్తిగా నడిపి చూద్దాం. మీ సంభాషణలో నలుగురున్నారనుకోండి. సవొన్, దెరి, గ్వాజాంగ్, బుజాంగ్ అన్నవి కింది నుంచి పైకి పదవుల పేర్లు. కొత్తగా చేరిన సవొన్ మిన్జి, ఆమె కన్నా ఒక మెట్టు పైనున్న పాక్ దెరి, విభాగానికి పెద్ద అయిన కిమ్ బుజాంగ్, ఖాతాదారు కంపెనీ నుంచి వచ్చే ఇ గ్వాజాంగ్. జరిగినది ఒక్కటే: కిమ్ బుజాంగ్ ఒక ఫైలు పంపారు. ఈ ఒక్క సంగతిని వేర్వేరు నోళ్ళు వేర్వేరు చెవులకు ఎలా చెబుతాయో చూస్తే చాలా సంగతులు తేలిపోతాయి.

మిన్జి పక్క బల్ల దగ్గరున్న పాక్ దెరితో అంటే, "బుజాంగ్‌నిమి జర్యొ బొనెషొస్సొయొ." చివర "యొ" దెరికి, మధ్యలో "-షి-" బుజాంగ్‌కు. ఇదే మాట రాత్రి ఫోనులో కాలేజీ స్నేహితురాలికి చెబితే, "బుజాంగ్‌నిమి జర్యొ బొనెషొస్సొ." చివర మర్యాద ఊడింది, ఎందుకంటే వింటున్నది స్నేహితురాలు. బుజాంగ్ మర్యాద మాత్రం అలాగే ఉంది. ఆయన అక్కడ లేరు కదా అని "బుజాంగి బొనెస్సొ" అని కూడా మిన్జి అనవచ్చు, వ్యాకరణం అడ్డు చెప్పదు. కానీ అలా అన్న క్షణంలో ఆమెకు ఆయన మీద కోపమో చులకనో ఉందని స్నేహితురాలికి తెలిసిపోతుంది. మనం ఇంటికొచ్చి "మేనేజరుగారు" బదులు "ఆ మేనేజరున్నాడే" అన్నట్లు. సంభాషణ రాసేవారికి ఇది బంగారం లాంటి వెసులుబాటు, కాకపోతే తెలిసి వాడాలి. తెలియక వాడితే మీ మిన్జి మీకు తెలియకుండానే పొగరుబోతు అయి కూర్చుంటుంది.

కిమ్ బుజాంగ్ స్వయంగా ఖాతాదారుతో మాట్లాడితే, "జెగా జర్యొరుల్ బొనె దుర్యొస్సుమ్నిదా" అంటారు. తన పనికి తాను "-షి-" పెట్టుకోవడం ఎవరికీ కుదరదు. "నేను" అన్న మాట "నెగా" నుంచి "జెగా"కు తగ్గింది. "ఇచ్చాను" అన్న సహాయక్రియ, అందుకునేవారిని పైకెత్తే "సమర్పించాను" వంటి రూపానికి మారింది. ఇది మూడో మర్యాద, పని అందుకునేవారికి దక్కేది. "జెగా బొనెషొస్సుమ్నిదా" అన్న వాక్యం నేర్చుకునేవారి కాగితాలలో నాకు చాలాసార్లు కనిపించింది. మర్యాద ఎక్కువైతే మంచిదే కదా అని వాళ్ళు "-షి-" కలిపేస్తారు. అది "నేనుగారు పంపారు" అన్నంత నవ్వుగా ఉంటుంది.

ఇదే బుజాంగ్ మిన్జితో అయితే రెండు విధాలుగా అనవచ్చు: "జర్యొ బొనెస్సొ" అని బన్మల్‌లో, లేదా "మిన్జి-ష్షి, జర్యొ బొనెస్సొయొ" అని హెయొచెలో. ఇక్కడ తప్పొప్పులు లేవు, మనస్తత్వం ఉంది. పాత తరహా బుజాంగ్ మొదటిది అంటాడు. కిందివారితోనూ దూరం పాటించే బుజాంగ్ రెండోది అంటాడు. పదవి పెద్దదైతే బన్మల్ మాట్లాడి తీరాలన్న నియమం లేదు. పెద్దవారికి దాన్ని వాడే వీలుంటుంది, అంతే. మీరు ఎంచుకున్నదాన్ని ఆ పాత్ర నోట చివరిదాకా నిలబెట్టారా అన్నదే చూసుకోవలసినది.

ఖాతాదారు ఇ గ్వాజాంగ్‌తో మిన్జి ఇదే సంగతి చెప్పవలసి వచ్చినప్పుడు, "కిమ్ బుజాంగ్‌నిమి జర్యొరుల్ బొనెషొస్సుమ్నిదా" అంటుంది. బయటివారితో గనుక ముగింపు హప్షొచెకు పెరిగింది. బుజాంగ్ తన కంపెనీ మనిషే అయినా ఆయన పదవి పేరుకు గౌరవంగా చేర్చే "-నిమ్", క్రియలో "-షి-" రెండూ ఉంచింది. కొరియన్‌కూ జపనీస్‌కూ అసలు తేడా ఇక్కడే. జపాన్‌లో ఇదే స్థానంలోని ఉద్యోగిని బయటివారితో తన అధికారి గురించి చెప్పేటప్పుడు "బుచో నో కిమురా గా షిర్యో ఓ ఓ-ఓకురి ఇతాషిమాషితా" అంటుంది. అధికారి పేరు వెనక "-సాన్" ఉండదు, ఆయన పనికి గౌరవరూపం పోయి వినయరూపం వస్తుంది, ఎందుకంటే బయటివారి ముందు తన కంపెనీ వారందరూ "మేము"లో భాగమే. జపనీస్ ముందు నేర్చుకొని కొరియన్‌కు వచ్చినవారు ఆ అలవాటుతో తమ బుజాంగ్‌ను ఖాతాదారు ముందు తగ్గించి మాట్లాడతారు. దాన్ని కొరియన్ వారు వినయంగా తీసుకోరు, పెద్దలంటే లెక్కలేదనుకుంటారు. రెండు భాషలూ ఒకటేనని చెప్పేవారి మాట ఈ ఒక్క విషయంలో వినకండి.

అలాగని కొరియన్‌లో ఎప్పుడూ తగ్గింపే లేదా అంటే, ఉంది. దాన్ని అప్జొన్‌బొప్ అంటారు: వింటున్నవారు ప్రస్తావనలోని మనిషికన్నా పెద్దవారైతే ఆ మనిషికి గౌరవం తగ్గించడం. తాతగారితో నాన్న గురించి చెబుతూ "-షి-" తీసేయడం దీనికి పాత ఉదాహరణ. దీన్ని చదివి మిన్జి చేత బుజాంగ్‌తో "పాక్ దెరిగా బొనెస్సుమ్నిదా" అనిపిద్దామనుకుంటారు చాలామంది. అనిపించకండి. కొరియా జాతీయ భాషా సంస్థ 2011లో వెలువరించిన ప్రామాణిక భాషా మర్యాదల పుస్తకం అప్జొన్‌బొప్ పని చేసే చోట తగినది కాదనే చెప్పింది. ఇళ్ళలో కూడా తాతగారి ముందు నాన్నకు "-షి-" పెట్టవచ్చని అంగీకరించింది. తన కన్నా పై మెట్టులో ఉన్న పాక్ దెరి గురించి మిన్జి ఎవరితో అన్నా "పాక్ దెరినిమి బొనెషొస్సుమ్నిదా" అనడమే సహజం. మరి బుజాంగ్ స్వయంగా దెరి గురించి అంటే "-నిమ్" తీసేసి "పాక్ దెరి" అంటారు, అది ఆయన మెట్టు మీద నుంచి చూసిన చూపు.

ఒకే మనిషితో మాట్లాడుతున్నంతసేపూ ఒకే ముగింపు ఉండాలన్నది మరొక అపోహ. మిన్జి బుజాంగ్ గదిలోకి వెళ్ళి ఇలా అంటుందనుకోండి: "బుజాంగ్‌నిమ్, మల్‌స్సుమ్‌హషిన్ జర్యొ జున్‌బిహెస్సుమ్నిదా. గురొందె సమ్‌జ్జొక్ సుజ్జగా జొమ్ ఇసాంగ్‌హెసొయొ." మీరు చెప్పిన ఫైలు సిద్ధం చేశాను, కానీ మూడో పేజీలో అంకెలు కాస్త తేడాగా ఉంటేనూ, అని. మొదటి వాక్యం నివేదిక కాబట్టి హప్షొచెలో నిటారుగా నిలబడింది. రెండోది ఇబ్బంది చెప్పేది కాబట్టి హెయొచెలోకి జారి, కారణం చెప్పి వాక్యం సగంలో ఆగింది, మిగతాది ఆయన అందుకోవాలి. నిజమైన కొరియన్ ఆఫీసులో మాట ఇలా రెండు స్థాయిల మధ్య ఊగుతూనే ఉంటుంది. పలకరింపు, నివేదిక, బయటివారితో మొదటి మాటలు పైమెట్టు మీద, మిగతా నడక కిందిమెట్టు మీద సాగుతాయి. మొదటి నుంచి చివరిదాకా "-స్సుమ్నిదా" ఒక్కటే పెడితే మిన్జి వార్తలు చదువుతున్నట్లో, సైన్యంలో హాజరు పలుకుతున్నట్లో ఉంటుంది. అయితే ఈ ఊగడం హప్షొచె, హెయొచెల మధ్యనే. కారణం లేకుండా మధ్యలో ఒక్క వాక్యం బన్మల్‌లోకి జారితే అది అచ్చుతప్పు లాగానో తగవు లాగానో కనిపిస్తుంది.

పిలుపు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ముగింపు సరిగా ఉన్నా పిలుపు దాన్ని చెడగొట్టగలదు. మన "మీరు"కు సరితూగే సర్వనామం కొరియన్‌లో లేదు. నిఘంటువులో "దాంగ్‌షిన్" అని దొరుకుతుంది గాని, దాన్ని ఎదుటివారి మీద వాడేది నడివయసు దంపతులు, ప్రకటనలు రాసేవారు, రోడ్డు మీద పోట్లాడుకునేవారు. బుజాంగ్‌ను "దాంగ్‌షిన్" అంటే చొక్కా పట్టుకున్నంత పని. "మీరు" అనవలసిన ప్రతిచోటా పదవి పేరు పెట్టండి, లేదా ఏమీ పెట్టకండి, కొరియన్ వాక్యం కర్త లేకుండా హాయిగా నడుస్తుంది. "మీరు ఎప్పుడు వస్తారు" అన్నది "బుజాంగ్‌నిమ్, ఒంజె ఒసెయొ?" అవుతుంది. పేరు వెనక "-ష్షి" అన్నది మన "గారు" అనుకుంటారు, కాదు. అది సమానులకూ కిందివారికీ మర్యాదగా వాడేది, పైవారికి సరిపోదు. పైగా ఇంటిపేరు ఒక్కదానికి చేర్చి "కిమ్-ష్షి" అంటే ఎదుటివారిని కూలికి వచ్చినవారిలా పిలిచినట్లుంటుంది. పిలుపూ ముగింపూ జోడుగా నడుస్తాయి. "మిన్జి-యా" అన్న నోట బన్మల్ వస్తుంది, "మిన్జి-ష్షి" అన్న నోట సాధారణంగా హెయొచె వస్తుంది. "మిన్జి-ష్షి" అని పిలిచి బన్మల్‌లో అడిగే పై ఉద్యోగులు లేకపోలేదు. అది సగం దగ్గర చేసి సగం దూరం పెట్టడం. అలాంటి పాత్ర కావాలంటే రాయండి.

వయసు గురించి మీ ప్రశ్నలో లేదు కాని, మీ సంభాషణలో అది తప్పక తలెత్తుతుంది. కొరియాలో 2023 జూన్ 28 నుంచి చట్టరీత్యా లెక్కలలో, కొన్ని మినహాయింపులు తప్ప, పుట్టినరోజు ప్రకారం వచ్చే వయసే చెల్లుతుంది. అయినా మనుషులు ఒకరినొకరు కొలుచుకునేది పుట్టిన సంవత్సరంతోనే. ఒకే సంవత్సరంలో పుట్టినవారు "దోంగ్‌గప్" అవుతారు, ఒక్క ఏడాది తేడా ఉన్నా అక్కా చెల్లెలి వరస వచ్చేస్తుంది. కానీ పని చేసే చోట వయసూ పదవీ ఎదురుపడతాయి. కొత్తగా చేరిన సవొన్ ముప్ఫై రెండేళ్ళవాడై, దెరి ఇరవై తొమ్మిదేళ్ళవాడైతే ఏం చేయాలి? ఇద్దరూ ఒకరితో ఒకరు హెయొచెలోనే మాట్లాడుకుంటారు. పదవి చిన్నవాణ్ణి పైకెత్తింది, వయసు వాడు బన్మల్‌లోకి దిగకుండా ఆపింది. పెద్దవాళ్ళయ్యాక కొత్తగా పరిచయమైన ఇద్దరు ఎవరైనా, వయసు ఎంతైనా, మొదట్లో ఇరువైపులా మర్యాదతోనే మొదలవుతారని పెట్టుకుంటే మీరు పెద్దగా తప్పరు.

ఆ మర్యాద బన్మల్‌గా మారే ఘట్టం ఒకటి ఉంటుంది. దాన్ని "మల్ నొతా" అంటారు, అక్షరాలా మాటను కింద పెట్టడం. నేర్చుకునేవారి సంభాషణలలో ఈ ఘట్టం లేకుండానే మూడో పేజీలో ఇద్దరూ ఏకవచనంలోకి దిగిపోతారు, లేదా ఘట్టం ఉన్నా ఇద్దరూ ఒకేసారి మారిపోతారు. నిజానికి ఇది ఎలా జరుగుతుందంటే, మిన్జికి ఇరవై ఐదు, పాక్ దెరి ఇరవై ఏడేళ్ళ ఆడమనిషి, ఆరు నెలలు పక్కపక్కన పనిచేశారు, ఒక సాయంత్రం ఆఫీసు బయట కలిసి తింటున్నారు. చిన్నదైన మిన్జి, "దెరినిమ్, మల్ ఫ్యొన్‌హగె హసెయొ" అంటుంది, చనువుగా మాట్లాడండి అని. దెరి, "గురొల్‌క్కా? గురొమ్ మల్ నొఉల్‌క్కె" అంటుంది. ఆ జవాబే బన్మల్‌లో ఉంది చూడండి, ఒప్పుకోవడమూ మొదలుపెట్టడమూ ఒకే వాక్యంలో జరిగాయి. ఇక్కడ మారింది దెరి ఒక్కతే. మిన్జి "యొ" అలాగే ఉంటుంది. ఆమె వైపు మారేది పిలుపు: ఆఫీసు బయట "దెరినిమ్" పోయి "ఒన్ని" వస్తుంది. ఇది మన "అక్కా"కు అచ్చంగా సరిపోయే మాట, ఆడవారు తమకన్నా పెద్ద ఆడవారిని పిలిచేది. మగవాడైతే అదే మనిషిని "నునా" అనాలి. మర్నాడు ఆఫీసులో బుజాంగ్ ముందు మిన్జి మళ్ళీ "దెరినిమ్" అంటుంది. దెరి కూడా ఆయన ముందు "మిన్జి-ష్షి" అని "యొ"తోనే మాట్లాడవచ్చు. అదే ఇద్దరు మనుషులు, వినేవారిలో ఒకరు పెరిగారు, మాట మారింది.

వ్యతిరేక దిశలో జరిగే మార్పు ఇంకా పదునైనది. రోజూ బన్మల్‌లో మాట్లాడుకునే దంపతులలో ఒకరు ఒకనాడు హఠాత్తుగా "యొ"లోకి వెళితే గొడవ వచ్చినట్లే లెక్క. మన ఇళ్ళలో "తమరు ఇప్పుడు దయచేశారా" అన్నట్లు. రెండు కార్లు రాసుకున్నప్పుడు ఇద్దరు అపరిచితులు "యొ"తో మొదలుపెట్టి, ఒకడు బన్మల్‌లోకి దిగగానే రెండోవాడు "వె బన్మరిఎయొ?" అంటాడు, ఏకవచనమేమిటి అని. ఆ తరవాత కారు మీద గీత సంగతి ఇద్దరూ మరిచిపోతారు.

మర్యాద ఎక్కువైపోయి చెడిన ఉదాహరణ ఒకటి మీకు సోల్ కాఫీ దుకాణాలలో చెవిన పడుతుంది. "ఖొఫి నఒషొస్సుమ్నిదా" అంటే "కాఫీగారు వేంచేశారు" అని. కొనేవారిని గౌరవించాలన్న తొందరలో "-షి-" కాఫీకి అంటుకుపోయింది. సరైనది "జుమున్‌హషిన్ ఖొఫి నవస్సుమ్నిదా": కాఫీ కోరినది మనిషి గనుక "-షి-" ఆ కోరడానికి చేరింది, బయటికి వచ్చినది కాఫీ గనుక ఆ క్రియకు చేరలేదు. మీ సంభాషణలో దుకాణం కుర్రాడు ఉంటే మొదటి రూపం రాసినా పరవాలేదు, నిజంగా అలాగే అంటారు. మిన్జి చేత నివేదికలో ఫైలుకు "-షి-" పెట్టించకండి.

రాసే పద్ధతి గురించి ఒక మాట. నేను సంభాషణ మొదలుపెట్టే ముందు మనుషుల పేర్లు అడ్డంగానూ నిలువుగానూ రాసి గళ్ళు గీస్తాను. నలుగురుంటే పన్నెండు గళ్ళు వస్తాయి, ఆరు కాదు, ఎందుకంటే మిన్జి నుంచి బుజాంగ్‌కు వెళ్ళే మాట వేరు, బుజాంగ్ నుంచి మిన్జికి వచ్చేది వేరు. ఒక్కో గడిలో మూడే రాస్తాను: ఏమని పిలుస్తారు, ఏ ముగింపు వాడతారు, అవతలివారి పనికి "-షి-" పెడతారా లేదా. మూడో మనిషి గదిలోకి వస్తే ఏ గడి మారుతుందో పక్కన చిన్నగా గుర్తు పెట్టుకుంటాను. రాయడం పూర్తయ్యాక పాత్రల పేర్లను చేత్తో మూసి చదువుతాను. ముగింపులూ పిలుపులూ మాత్రమే చూసి ఎవరు ఎవరితో అంటున్నారో గుర్తుపట్టగలిగితే సరే. రెండు పాత్రల వాక్యాలు ఒకదానితో ఒకటి మార్చినా తేడా తెలియకపోతే అక్కడ గడి తప్పు నింపానన్నమాట.

తెలుగు లిపిలో రాసుకున్నవాటిని అలాగే బట్టీ పట్టకండి. మన "ఒ" వెనక కొరియన్ అచ్చులు రెండు దాక్కుంటాయి. పైన ఇచ్చిన ప్రతి వాక్యాన్నీ కొరియన్ లిపి అయిన హంగుల్‌లో ఒకసారి రాయించుకొని, మీ కాగితంలో టీచర్ కొట్టేసిన మొదటి వాక్యం పక్కన పెట్టి చూడండి. అందులో బుజాంగ్ ఏదైనా తింటుంటేనో, నిద్రపోతుంటేనో, ఇంట్లో ఉంటేనో, "యొ" కాదు, ముందు ఆ క్రియను వెతకండి. పెద్దలు తినే మాట "దుషిదా", నిద్రించే మాట "జుముషిదా", ఉండే మాట "గ్యెషిదా".